చదివినట్టు ఉండకూడదు

చదివేవాణ్ణి ముందు పట్టించేది నోరు కాదు, కళ్ళు. ప్రొద్దుటూరులో నా స్టూడియో మెట్లెక్కి వచ్చిన ప్రతి మనిషికీ మొదట ఈ మాటే చెబుతాను. బంగారు అంగళ్ళవాళ్ళు, చీరల షోరూములవాళ్ళు, పండగకు శుభాకాంక్షలు చెప్పుకునే చిన్నాచితకా నాయకులు, అందరూ ఒకటే బాపతు. ఇంట్లో గంటసేపు తడుముకోకుండా పోట్లాడతారు. కెమెరా ముందు నిలబెడితే నాలుగు వాక్యాలకే మెడ బిగుసుకుపోతుంది. రాసింది ఎదురుగా పెడితే ఇక చెప్పక్కర్లేదు, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు చెబుతారు.

వాళ్ళ కోసమే నా దగ్గర ఒక సరంజామా ఉంది. కెమెరా ముందు ఏటవాలుగా ఒక అద్దం నిలబడుతుంది. దాని కింద ట్యాబును వెల్లకిలా పడుకోబెడతాను. ట్యాబులోని టెలిప్రాంప్టర్ యాప్ అక్షరాలను తిరగేసి చూపిస్తుంది, అవి అద్దంలో పడి సరిగ్గా కనబడతాయి. లెన్సు ఆ అద్దం వెనకే ఉంటుంది కాబట్టి, అక్షరాలు చూసేవాడు మన కళ్ళలోకి చూస్తున్నట్టే ఉంటాడు. సగం పని అద్దం చేస్తుంది. మిగతా సగం నేను చేయాలి, అక్కడే నాకు చిరాకు వస్తుంది, గొంతు లేస్తుంది. స్కేలుతో బల్ల మీద కొడతాను. బల్ల మీదే.

నాకీ విద్య దెబ్బలతో వచ్చింది. పులివెందులలో నేను చదివిన బడిలో తెలుగు అయ్యవారు చింతబరికె పట్టుకుని నిలబడేవాడు. పాఠం రాగం తీసి చదివితే కణుపుల మీద ఒకటి. "పాడతాండావేందిరా? చెప్పు, నా మొగం చూసి చెప్పు" అనేవాడు. పుస్తకంలోకి ఒక్కసారి చూసి, నోటికి పట్టినన్ని మాటలు తీసుకుని, తలెత్తి ఆయన కళ్ళలోకి చూస్తూ చెప్పాలి. వాక్యం పూర్తి కాకుండా కళ్ళు కిందికి దిగితే ఇంకొకటి. నా ఎడమచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు. ఒకరోజు ముందు బెంచీలో వాడికి పెదవి చిట్లి పుస్తకం మీద రక్తం పడింది. వాడు ఆ రక్తం పడ్డ చోటు దాటి తర్వాతి వాక్యం చెప్పాడు, తలెత్తి, చక్కగా. అయ్యవారు "అద్దీ" అన్నాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ నేను తినే అన్నం ఆయన నేర్పిందే, అది ఒప్పుకోకపోతే అబద్ధమవుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక మనిషి చేత నేను చదివించిన నాలుగు నిమిషాల సంగతి చెప్పాలి. దాన్ని చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు.

ముద్దనూరు అవతల ఒక పల్లెలో గొర్రెలు కాచుకునే మనిషి ఉండేవాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. అతని గొర్రెలు ఒకరోజు ఆసామి గారి శనగ చేలో పడ్డాయి. ఆసామి అంటే ఆ చుట్టుపక్కల ఏ పంచాయితీ అయినా ఆయన వాకిట్లోనే తెగాలనే రకం. ఆయన మేనల్లుడు ఇద్దరిని వెంటేసుకుని వచ్చి, ఇనుపరాడ్డుతో ఆ మనిషి కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరగ్గొట్టాడు. చెవి తమ్మె చీల్చాడు. పెళ్ళాం పరిగెత్తుకొచ్చి మొగుడి మీద బోర్లా పడుకుంటే ఆమె వీపు మీద కూడా కొట్టాడు. ఆసుపత్రిలో ఆ మనిషి జరిగింది జరిగినట్టు పోలీసులకు చెప్పాడు. కేసు రాశారు. మేనల్లుణ్ణి మాత్రం పట్టుకోలేదు. దాంతో అతని అన్న, గొర్రెలు కాచే కులం వాళ్ళందరినీ కూడగట్టుకుని స్టేషను ముందర కూర్చున్నాడు. ఒకరోజు లాఠీలు లేచాయి, అన్నకు ముందరి పళ్ళు రెండు రాలాయి. అయినా లేవలేదు.

అప్పుడు మొదటి వీడియో వచ్చింది. ఆ మనిషి ఆసుపత్రి మంచం మీద ఉండి, తాను బండి మీద నుంచి పడ్డానని, ఎవరూ కొట్టలేదని చెబుతున్న వీడియో. ఎవడో ఫోనుతో తీశాడు, కాగితం ఇంకెవడో ఫోను పక్కన పట్టుకున్నాడు. ఆ మనిషి కళ్ళు మొదటి నుంచి చివరి దాకా ఎడమవైపే ఉన్నాయి. ఏడో తరగతి దాకా చదివినవాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. "ప్ర... మాద... వశాత్తు" అని మూడు ముక్కలు చేశాడు. ఆ రాత వకీలు గుమాస్తాది, అర్జీ రాసినట్టు రాశాడు. చివరికి వచ్చేసరికి ఆ మనిషి ఆపకుండా అదీ చదివేశాడు: "ఇట్లు, సంతకం, వేలిముద్ర."

జిల్లా అంతా నవ్వింది. టీకొట్ల దగ్గర "ఇట్లు సంతకం వేలిముద్ర" అని ఒకణ్ణి చూసి ఒకడు అనుకునేవాళ్ళు. నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు. కానీ నవ్వుతో పాటు కోపం కూడా పుట్టింది జనానికి. మెడ మీద కత్తి పెట్టి చదివించారని పసివాడికైనా అర్థమయింది. మర్నాడు స్టేషను ముందర కూర్చున్నవాళ్ళు రెండింతలయ్యారు.

ఆ తర్వాతి రోజే ఆసామి మేనల్లుడితో సహా నా స్టూడియోకు వచ్చాడు. పట్టపగలు, కింద అంగళ్ళన్నీ తెరిచి ఉండగానే వచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఏమప్పా, చదివిచ్చి కూడా చదివినట్టు కనపడకుండా చేసేది నీకొచ్చంట గదా" అన్నాడు.

"ఏదో అంగళ్ళ ప్రకటనలన్నా. పెద్ద పని కాదు" అన్నాను.

"ఇది గూడా ప్రకటనే అనుకో. వాడు ఒప్పుకున్నాడు, వాడి నోరే తిరగల్యా. నువ్వు తిప్పల్ల."

నేను కాదనాల్సింది. కాదనలేదు. భయమేసింది, అది నిజం. భయం మాత్రమేనా అంటే, కాదు. ఆసామి అంతటివాడు నా పనితనం పేరు విని మెట్లెక్కి వచ్చాడన్న గర్వం కూడా లోపల ఎక్కడో కదిలింది. నేను "చూద్దాంలేన్నా" అని నసుగుతుంటే మేనల్లుడు కాలితో నా లైటు స్టాండును తోశాడు. అది పడి బల్బు పగిలింది. గాజుముక్కలు గదంతా పడ్డాయి. "చూసేదేంది మామా, రేపు పదికంతా జమ్మలమడుగు రమ్మని చెప్పు" అన్నాడు, నాతో కాదు, ఆసామితో.

జమ్మలమడుగు ఊరి బయట ఆసామికి నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే షెడ్డు ఉంది. నేను వెళ్ళేసరికి మిషన్లు తిరుగుతున్నాయి. మైకులో అదే మోత పడుతుంది, ఆపించమన్నాను. ఆపారు. మోత ఆగాక ఆ మనిషి ఊపిరి పీల్చడం వినిపించింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు, కట్టు కట్టిన కాలు ఒక చెక్కపెట్టె మీద పెట్టారు. చెవికి కుట్లు. వెనకాల పెళ్ళాం నిలబడి ఉంది, నడుం పూర్తిగా నిటారు కావడం లేదు. ఇద్దరూ నేలకేసే చూస్తున్నారు.

కెమెరా వెనక మనుషులు తిరిగితే చెప్పేవాడి కళ్ళు అటు పోతాయి. ఈ మాట చెప్పి అందరినీ బయటికి పొమ్మన్నాను. ఆసామి గేటు దగ్గరికి పోయి నిలబడ్డాడు. మేనల్లుడు మాత్రం కదల్లేదు, రాళ్ళ దొంతర మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

మైకు తగిలించడానికి ఆ మనిషి చొక్కా గుండీ దగ్గరికి చేయి చాచాను. అతను రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు. నేను కొట్టబోతున్నానని అనుకున్నాడు. "మైకప్పా, మైకు" అన్నాను. నా గొంతు నాకే బాగా లేదు. ఈ నా కొడుకుల పని నేను చేయడమేమిటి అనుకున్నాను.

అప్పుడొక ఉపాయం తట్టింది. చదివినట్టు ఉండకుండా చేయడం తెలిసినవాడికి, చదివినట్టు ఉండేలా చేయడం ఇంకా సులువు. మామూలుగా కెమెరాను పదడుగుల దూరం జరిపి జూమ్ చేస్తాను, దూరం నుంచి కళ్ళ కదలిక కనబడదు. అక్షరాలను మధ్యలో సన్నటి పట్టీలా, వరసకు మూడు నాలుగు మాటలే వచ్చేలా పెడతాను. ఆ రోజు కెమెరాను అతని ముఖానికి మూడడుగుల్లోకి తెచ్చాను. అక్షరాలను అద్దం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచాను. గుమాస్తా రాతను గుమాస్తా రాతలాగే ఉంచాను, "నా ఇష్టపూర్వకముగా" అనే మాటతో సహా. మాటలు పరిగెత్తే వేగాన్ని నా వేలితో నడపకుండా యాప్‌కే వదిలేశాను, అతని నోటికి అందనంత వేగం పెట్టి. మాటల వెనక మనిషి పరిగెత్తాలి, ఆ పరుగు అందరికీ కనబడాలి. ఈ వీడియో కూడా బయటికి పోతే జనం ఇంకా మండిపడతారు, కేసు నిలబడుతుంది అని నా లెక్క. నన్ను నేను పెద్ద మొనగాణ్ణి అనుకున్నాను.

అతను చదివాడు. నేను అనుకున్నట్టే వచ్చింది. కళ్ళు గోడగడియారం లోలకంలా అటూ ఇటూ తిరిగాయి. సగంలో మాటలు తప్పించుకుపోయాయి, ఆగాడు, ఎక్కడున్నాడో వెతుక్కున్నాడు. నేను మనసులో సంతోషించాను.

మేనల్లుడు లేచి వచ్చి కెమెరా తెరలో చూశాడు. వాడు తెలివితక్కువవాడు కాదు. మొదటి వీడియోకు వచ్చిన ఎగతాళంతా చదివి ఉన్నాడు. "కండ్లు అటూ ఇటూ పోతాండాయి సూడు. మల్లా చదివినట్టే చెప్పినావు గదరా" అన్నాడు ఆ మనిషితో, చాలా నెమ్మదిగా. తర్వాత కట్టు కట్టిన కాలి కింద ఉన్న చెక్కపెట్టెను తన్నాడు.

కాలు నేలకు కొట్టుకుంది. ఆ అరుపు రేకుల కప్పు కింద చాలాసేపు తిరిగింది. పెళ్ళాం మొగుడి మీద పడబోతే ఆమెను జుట్టు పట్టుకుని పక్కకు లాగి పడేశాడు, ఆమె తల రాళ్ళ అంచుకు తగిలింది. కట్టులోంచి బయటికి వచ్చిన కాలివేళ్ళ మీద వాడు బూటు పెట్టి నొక్కాడు. "ఇంగోసారి చదివినట్టు చెప్పు, రెండో కాలు కూడా పోతాది. ఇంగోసారి చెప్పు. నాకేం తొందర లేదు." ఆ మనిషి కుర్చీ చేతులు పట్టుకుని కింది పెదవి కొరుక్కున్నాడు, గడ్డం మీదకు నెత్తురు కారింది.

గేటు దగ్గర నుంచి ఆసామి కేకేశాడు: "ఒరే, మొగం మీద కొట్టాకు. వీడియోలో కనపడ్తాది."

ఆ దెబ్బ నాది. ఎన్నిసార్లు తలచుకున్నా నాకు వేరే రకంగా కనబడదు. నేను మూడడుగుల దూరంలో నిలబడి, నా తెలివి చూపించుకోవడానికి ఆ కాలును పణం పెట్టాను. జనం ఏమనుకుంటారు, కేసు ఏమవుతుంది అన్నది నా లెక్క. అతని లెక్క ఒకటే, ఆ షెడ్డులోంచి రెండో కాలు మిగుల్చుకుని బయటికి పోవాలి. అది నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

"ఆగండి" అని అరిచాను. "తప్పు నాది. కెమెరా దగ్గర పెట్టినా. సరిచేస్తా. అతన్ని ముట్టుకోవద్దు, ముట్టుకుంటే గొంతు వణుకుతాది, ఎవడూ నమ్మడు." మేనల్లుడికి ఆ మాట నచ్చింది. పోయి రాళ్ళ మీద కూర్చున్నాడు.

ఇక నాకు తెలిసిన విద్యంతా బయటికి తీశాను. జీవితంలో అంత శ్రద్ధగా ఏ బంగారు అంగడికీ పని చేయలేదు. కెమెరాను పదడుగులు వెనక్కి జరిపాను. అక్షరాలను పెద్దవి చేసి సన్నటి పట్టీగా మధ్యకు తెచ్చాను, మనిషి చదివే వరస సరిగ్గా లెన్సు ఎదురుగా ఉండేలా చూశాను. వేగం నా బొటనవేలి కింద పెట్టుకున్నాను. అతను ఆగితే అది ఆగాలి, అతను కదిలితే కదలాలి.

తర్వాత గుమాస్తా రాత మొత్తం తీసేశాను. పుస్తకంలో మాట నోట్లో పడితే ఎంతటివాడైనా చదివినట్టే ఉంటుంది. ఎవరి మాట వాళ్ళకు రాసివ్వాలి. అతని ముందర గొంతుకూర్చుని, నీళ్ళు తాగించి, అడిగాను.

"అప్పా, నువ్వు నిజంగా యాడన్నా పడినావా? చిన్నప్పుడు గానీ, ఎప్పుడన్నా గానీ."

నీళ్ళ గ్లాసు పెళ్ళానికి అందించాడు. తర్వాత చెప్పాడు. "ఏట్లో పడితి సార్. చిత్రావతిలో. ఇసుక తడిగా ఉండ్య, కాలు జారె. మా నాయిన కొడ్తాడని ఇంటికి పోల్యా. యాపచెట్టు కింద కూర్చుంటి."

అతను చెబుతుండగానే నేను టైపు చేశాను. ఆ జారడం అట్లాగే ఉంచి, ఏటిని రోడ్డు చేశాను, కాలిని బండి చక్రం చేశాను. "ఇసుక ఉండ్య రోడ్డు మీద. బండి జారె. పడితి." వరసకు మూడు మాటలు. ఊపిరి తీసుకోవాల్సిన చోట ఒక ఖాళీ వరస. ఆ మనిషి నిజంగా పడిన పాటును తీసుకుని అబద్ధానికి తొడిగాను. ఇంతకంటే నీచమైన పని నేను చేయలేదు, ఇంతకంటే బాగా కూడా ఏ పనీ చేయలేదు.

మూడుసార్లు మామూలుగా చెప్పించాను, కెమెరా ఆపి. మొదటి మాట, చివరి మాట కంఠతా పట్టమన్నాను, ఆ రెండు చోట్ల అక్షరాల కోసం వెతకకూడదు. ఒక వరస మొత్తం కళ్ళతో మింగి, ఆ తర్వాత చెప్పమన్నాను. మాట తప్పిపోతే వెనక్కి పోవద్దు, ముందుకే పో అన్నాను. "అంతసేపు రెప్ప కొట్టకుండా చూడాకు. నడమ ఒగసారి కాలి పక్క చూడు. ఆలోచన చేసేటోడు ఎవుడైనా చూపు తిప్పుతాడు. మల్లా ఈడికి రా." అతను తల ఊపాడు. చెమటా, నెత్తురూ పెళ్ళాం కొంగుతో తుడిచింది. ఆమె కణత మీద కూడా నెత్తురు ఉంది, అది ఎవరూ తుడవలేదు.

కెమెరా మొదలుపెట్టాను.

అతను లెన్సులోకి చూశాడు, నా కళ్ళలోకి చూసినట్టే. "ఆ పొద్దు ఇసుక ఉండ్య రోడ్డు మీద" అన్నాడు. నేను బొటనవేలు కదిపాను. రెండు వరసలు, మూడు వరసలు. కాలి వైపు ఒకసారి చూశాడు. మళ్ళీ వచ్చాడు. "బండి జారె" అన్నాడు. ఆ తర్వాత రాసిన మాట "పడితి". అతను అది అనలేదు. అద్దంలో అక్షరాలున్నాయి, అతను వాటిని దాటి చూస్తున్నాడు.

"గొర్రెపిల్లను ముందర పెట్టుకోనుంటి. రెండ్రోజుల పిల్ల. అది పడిపోతాదని దాన్ని పట్టుకుంటి, బండిని వదిలేస్తి. బండి కాలు మీద పడె." ఆగాడు. పెదవి చివర చిన్నగా నవ్వు వచ్చింది. "పిల్లకేం కాల్యా."

నేను వేలు ఆపేసి ఎదురుచూశాను. మంచి ఆపరేటరు చేయాల్సింది అదే. అతను తిరిగి రాసిన మాటల్లోకి వచ్చి, ఎవరి మీదా తనకు కోపం లేదని, స్టేషను ముందర కూర్చున్నవాళ్ళు ఇళ్ళకు పోవాలని, తాగిన మైకంలో పోలీసులకు ఏదో చెప్పానని చెప్పి "అంతే" అన్నాడు. నాలుగు నిమిషాలు. ఎక్కడా అతుకు లేదు. వెనకాల పెళ్ళాం తలెత్తి అతన్నే చూస్తోంది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూస్తోంది.

"శబాష్" అన్నాడు మేనల్లుడు. ఆసామి గేటు దగ్గర నుంచి వచ్చి తెరలో చూసి, నా భుజం తట్టాడు.

మైకు తీస్తుంటే ఆ మనిషి మెల్లగా అడిగాడు. "సార్, చదివినట్టుండ్యానా?"

"లేదప్పా" అన్నాను. "చదివినట్టు లేదు."

కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. రెండో కాలు నిలిచింది.

వీడియో సాయంత్రానికల్లా అన్ని ఫోన్లలోకి పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా కింద టీకొట్టులో ఒకాయన "పాపం, నిజంగానే పడినాడంటనే. మనమే ఎక్కువ చేసినాం" అన్నాడు. రెండురోజుల్లో స్టేషను ముందర ఎవరూ మిగల్లేదు. కేసు రాజీకి వచ్చిందని విన్నాను. నేను స్టూడియోలో కూర్చుని, దీపం వత్తుల ప్రకటన చెప్పడానికి వచ్చిన ఆయన మీద ఊరకే అరిచాను. అన్నం సయించలేదు. ఒకటే మాట తిరుగుతోంది తలలో. మొదటి వీడియో చెత్తగా ఉండడమే ఆ మనిషికి ఉన్న ఒకే ఒక సాక్ష్యం. "ఇట్లు, సంతకం, వేలిముద్ర" అన్నప్పుడు అతను కొట్టారని అనకుండానే ఊరంతటికీ నిజం చెప్పాడు. దాన్ని నేను తుడిచేశాను.

నెలన్నర తర్వాత ఒకరోజు పొద్దున బండి తీసుకుని ఆ పల్లెకు పోయాను. అతని అన్నకైనా నిజం చెప్పాలని. ఊరికి చెప్పే ధైర్యం నాకు లేదు, అన్నకు చెబితే చాలనుకున్నాను.

అన్న వాకిట్లోనే ఉన్నాడు, దడికి కంప కడుతున్నాడు. ముందరి పళ్ళ చోట సందు. తమ్ముడు కొట్టం నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఊతకర్ర. అతని ఎడమకన్ను కింద నల్లగా వాచి ఉంది. అది పాత దెబ్బ కాదు.

నేనెవరో చెప్పుకున్నాను. ఆ వీడియో తీసింది నేనేనని, ఆ మాటలు రాసింది నేనేనని, అద్దంలో అక్షరాలు చూసి అతను చదివాడని, కాలు తొక్కి చదివించారని చెప్పాను. ఒక్కటీ దాచలేదు.

అన్న కంప కింద పడేసి నా దగ్గరికి వచ్చాడు. "చదివినాడా? మొదటిది చదివినాడు, మాకు తెలిసిపాయ. వాణ్ణి ఎట్ల చదివిచ్చినారో అని పండ్లు రాలినాక గూడా నేను ఆడనే కూర్చుంటి. రెండోది చదివిండేది కాదు సార్. నా తమ్ముడు నోరు తెరిస్తే నాకు తెలీదా? సరే, నువ్వే రాసిస్తివి అంటాండావు. ఆ గొర్రెపిల్ల సంగతి గూడా నువ్వే రాస్తివా?"

నేను తల దించుకున్నాను. "లేదు. అది నేను రాయలేదు" అన్నాను.

"అద్దీ" అన్నాడు అన్న. నా కాలరు పట్టుకున్నాడు. "తాగి పడి, ఆసామి మీదికి పెట్టి, మా కులమంతా లాఠీదెబ్బలు తినేటట్టు చేసె వీడు. మా పెదనాయిన కొడుక్కి చెయ్యి విరిగె. ఇప్పుడు నువ్వు వచ్చి కతలు చెప్తాండావా? ఎవరు పంపిచ్చినారు నిన్ను?"

నేను తమ్ముడి వైపు తిరిగాను. "చెప్పప్పా. నువ్వన్నా చెప్పు. నీ అన్నే గదా."

అతని పెళ్ళాం గడపలోకి వచ్చి నిలబడింది. అతను ఆమెను చూశాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, కనీకనిపించనట్టు. ఆసామి మనుషులు అదే దారిన రోజూ పోతుంటారు. అన్నకు సంగతి తెలిస్తే ఊరుకునే మనిషి కాదు, కొడవలి తీసుకుని పోతాడు, పోయినవాడు తిరిగి రాడు. ఇదంతా ఆమె మొహంలో ఉంది.

అతను అన్న కళ్ళలోకి సూటిగా చూశాడు. తడుముకోలేదు. మధ్యలో ఒకసారి కాలి వైపు చూసి, మళ్ళీ అన్న మొహంలోకి వచ్చాడు, నేను నేర్పినట్టే.

"నేనే పడితిన్నా. ఆ సార్‌కు ఏం తెలీదు" అన్నాడు.

అన్న నా కాలరు వదిలేశాడు. నేను బండి దగ్గరికి నడిచాను. వెనకాల చెంప మీద దెబ్బ పడిన చప్పుడు, ఊతకర్ర నేల మీద పడిన చప్పుడు వినబడ్డాయి. తర్వాత ఇంకో దెబ్బ. నేను బండి స్టార్ట్ చేసి ప్రొద్దుటూరు వచ్చేశాను.